గ్రూప్-2 ప్రిలిమ్స్‌కి రెండు వారాలే ఉంటే: రివిజన్, మాక్ టెస్టుల షెడ్యూల్ ఎలా వేసుకోవాలి

నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ, పరీక్ష పక్షం రోజుల్లో ఉందనగా ఒకటే ప్రశ్న వస్తుంది: "సిలబస్ ఒకసారి చదివాను, ఇప్పుడు ఏం చేయాలి? మాక్‌లు రాయాలా, మళ్లీ చదవాలా?" రెండూ చేయాలి. అయితే ఏ రోజు ఏది, ఎంతసేపు అనేది ముందే కాగితం మీద పెట్టుకోకపోతే ఈ పద్నాలుగు రోజులు కళ్ల ముందే కరిగిపోతాయి.

ఇక్కడ ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్ టెస్టును తీసుకుని చెబుతున్నాను. 2024 ఫిబ్రవరి 25న జరిగిన పరీక్షలో 150 ప్రశ్నలు, 150 మార్కులు, 150 నిమిషాలు. భారతదేశ చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ ఒక్కొక్కదానికి 30 మార్కులు. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోత. మీ నోటిఫికేషన్‌లో ఇవి మారితే లెక్కలు మార్చుకోండి, పద్ధతి అదే.

ఒక షరతు. సిలబస్ కనీసం ఒక్కసారైనా చదివినవాళ్లకే ఈ షెడ్యూల్. అసలు చదవనివాళ్లు మెంటల్ ఎబిలిటీ, సమాజం, ఇంకో సబ్జెక్టు పట్టుకుని మిగతావి వదిలేయడం మేలు. పద్నాలుగు రోజుల్లో అయిదూ మొదటినుంచి చదవడం జరిగే పని కాదు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- నాలుగు పూర్తి మాక్ పేపర్లు. వీలైతే అన్నీ ఒకే చోటివి. ఒక సంస్థ పేపర్ కఠినంగా, ఇంకో సంస్థది తేలిగ్గా ఉంటే మీ మార్కుల తేడా మీది కాదు, పేపర్‌ది అవుతుంది.
- 2024 పేపర్, దాని తుది కీ. కమిషన్ వెబ్‌సైట్ psc.ap.gov.in లో చూడండి. ప్రాథమిక కీ కాకుండా తుది కీయే తీసుకోండి. అభ్యంతరాల తర్వాత కొన్ని జవాబులు మారుతుంటాయి.
- ప్రింట్ తీసిన ఓఎంఆర్ షీట్లు నాలుగు, పరీక్షలో వాడబోయే బాల్ పెన్ను.
- సబ్జెక్టుకి ఒకే పుస్తకం లేదా ఒకే నోట్సు. కరెంట్ అఫైర్స్‌కి ఒకే సంకలనం.
- వంద పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటి. దీన్ని తప్పుల పుస్తకం అందాం. అసలు పనంతా దీనిలోనే.

కొత్త మెటీరియల్ ఏదీ ఈ జాబితాలో లేదు. టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పెట్టిన "లాస్ట్ మినిట్ 1000 బిట్స్" పీడీఎఫ్ కూడా లేదు.

1. మొదటి రోజే మాక్ రాయండి

చాలామంది "ఇంకొంచెం చదివి రాస్తా" అని మాక్‌ను పదో రోజుకి నెడతారు. అప్పుడు బయటపడ్డ తప్పు దిద్దుకోవడానికి టైమ్ ఉండదు. మొదటి రోజు మార్కులు తక్కువొస్తాయి, రానివ్వండి. ఏ సబ్జెక్టుకి ఎన్ని గంటలివ్వాలో చెప్పేది ఆ పేపరే.

2024లో పరీక్ష ఉదయం పదిన్నరకి మొదలైంది. మీ హాల్ టికెట్‌లో ఏ టైమ్ ఉంటే ఆ టైమ్‌కే కూర్చోండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి. జవాబులు ఓఎంఆర్ మీదే దిద్దాలి, అదీ 150 నిమిషాల లోపే. బబుల్‌కి అయిదు సెకన్లు వేసుకున్నా 150 బబుల్స్‌కి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. యాప్‌లో మాక్‌లు రాసి అలవాటైనవాళ్లు పరీక్ష హాల్లో చివరి పావుగంట తల్లడిల్లేది ఇందుకే.

రాస్తున్నప్పుడు ఒక పని మాత్రం తప్పనిసరి. ప్రశ్నపత్రం మీద, ప్రశ్న నంబరు పక్కన చిన్న గుర్తు పెట్టండి. ఖాయంగా తెలుసనిపిస్తే ఏ గుర్తూ వద్దు. రెండు ఆప్షన్ల మధ్య ఊగి ఒకటి పెడితే చుక్క. ఏమీ తెలియక గుడ్డిగా పెడితే ప్రశ్నార్థకం. ఓఎంఆర్ మీద మాత్రం ఇలాంటి గీతలేవీ పడకూడదు.

2. మార్కులు లెక్కపెట్టి ఊరుకోకండి, మూడు కుప్పలు పోయండి

మాక్ రాయడానికి రెండున్నర గంటలు పడితే దాన్ని విప్పి చూడటానికి మూడు గంటలు పెట్టుకోండి. ఎలా విప్పాలో ఒక పేపర్ మీద చూద్దాం. ఇది ఉదాహరణకి వేసిన లెక్క.

రాసినవి 128. సరైనవి 74, తప్పులు 54. కోత 18 మార్కులు. వచ్చింది 56. ఇక్కడితో ఆగితే "56 వచ్చాయి, ఇంకా చదవాలి" అన్న దిగులు తప్ప ఏమీ మిగలదు. గుర్తుల ప్రకారం విడదీస్తే ఇలా ఉంటుంది:

- గుర్తు లేనివి, అంటే ఖాయమనుకున్నవి: 70 రాస్తే 49 సరి, 21 తప్పు. నికరం 42.
- చుక్క పెట్టినవి: 40 రాస్తే 22 సరి, 18 తప్పు. నికరం 16.
- ప్రశ్నార్థకాలు: 18 రాస్తే 3 సరి, 15 తప్పు. నికరం మైనస్ 2.

గుడ్డిగా పెట్టినవి రెండు మార్కులు తినేశాయి. అది కళ్లకు కనిపించే నష్టం, మానేస్తే పోతుంది. అసలు నష్టం మొదటి వరుసలో ఉంది. ఖాయంగా తెలుసనుకున్న వాటిలోనే 21 తప్పులు! చదివిన విషయమే, కానీ ఒకదాని బదులు ఇంకొకటి గుర్తొచ్చింది, లేదా ప్రశ్నలో "సరికానిది" అన్న మాట చూడకుండా పెట్టేశాం. ఇలాంటిది ఒక్కటి సరిచేసుకుంటే ఒక మార్కు రావడమే కాదు, మూడో వంతు కోత కూడా తప్పుతుంది. ఇరవై ఒకటిలో పన్నెండు దిద్దుకుంటే 16 మార్కులు పెరుగుతాయి. పన్నెండు కొత్త ప్రశ్నలకి జవాబు నేర్చుకున్నా వచ్చేది పన్నెండే, పైగా దానికి పట్టే టైమ్ ఎక్కువ.

అందుకే ఈ రెండు వారాల షెడ్యూల్ అంతా మొదటి వరుసలోని తప్పుల చుట్టూ తిరగాలి. తెలియని చాప్టర్ల చుట్టూ కాదు.

తప్పుల పుస్తకంలో ముందు ఈ 21, తర్వాత చుక్క పెట్టిన 18 ఎక్కించండి. ప్రశ్న మొత్తం దించుకోవద్దు. ఒక వరుసలో విషయం, మీరు పెట్టింది, సరైనది, ఎందుకు తప్పిందో ఒక్క మాట: "కలగలిసింది", "మర్చిపోయా", "సరిగా చదవలేదు". ప్రశ్నార్థకాల్లో వచ్చిన 15 తప్పుల్ని ఎక్కించకండి. వాటికి ఈ పక్షంలో టైమ్ లేదు.

సబ్జెక్టుల వారీగా కూడా ఒకసారి చూడండి. ఇదే పేపర్లో మెంటల్ ఎబిలిటీలో 18 రాస్తే 15 సరిపోయాయనుకోండి, పన్నెండు ముట్టుకోనే లేదనుకోండి. అంటే లెక్కలు రావని కాదు, చివరికి పెట్టుకుని టైమ్ చాలలేదని. మందు చదువు కాదు, వరుస మార్చడం. కరెంట్ అఫైర్స్‌లో 29 రాస్తే 11 మాత్రమే సరిపోయాయంటే దాని మందు వేరే: అక్కడ చెయ్యి ఆపుకోవాలి.

3. షెడ్యూల్ కాగితం మీద వేయండి

రోజుకి ఎనిమిది గంటలు చదవగలిగేవాళ్లకి ఇలా:

- 1వ రోజు: మొదటి మాక్, విశ్లేషణ
- 2 నుంచి 5: మొదటి చుట్టు. రోజుకో సబ్జెక్టు. చరిత్ర, భూగోళం, సమాజం, కరెంట్ అఫైర్స్
- 6: అన్నిటికంటే బలహీనమైన సబ్జెక్టు మళ్లీ
- 7: రెండో మాక్, విశ్లేషణ
- 8, 9: రెండో చుట్టు. రోజుకి రెండు సబ్జెక్టులు
- 10: మూడో మాక్, విశ్లేషణ
- 11: ఖాళీ. వెనకబడ్డ పని దీనిలో
- 12: నాలుగో మాక్, విశ్లేషణ
- 13: మూడో చుట్టు. నాలుగు సబ్జెక్టులూ ఒకే రోజు, తప్పుల పుస్తకం నుంచి మాత్రమే
- 14: ఒక పూట మాత్రమే చదువు

మెంటల్ ఎబిలిటీకి విడిగా రోజు లేదు. అది చదివే సబ్జెక్టు కాదు, చేతికి అలవాటు కావాల్సిన సబ్జెక్టు. 2 నుంచి 13 దాకా మాక్ లేని ప్రతిరోజూ గంటసేపు, గడియారం పెట్టుకుని పాతిక ప్రశ్నలు.

పదకొండో రోజు ఖాళీ చూసి "వృథా కదా" అనిపిస్తుంది. తీసేయకండి. పద్నాలుగు రోజుల్లో ఒక రోజు జ్వరమో, చుట్టాలో, కరెంటు కోతో ఎలాగూ తినేస్తుంది. ఖాళీ లేని షెడ్యూల్ ఆ రోజుతో మొత్తం ఒక రోజు వెనక్కి పోతుంది. చివర్లో మాక్ ఎగిరిపోతుంది.

4. మొదటి చుట్టులో ఒక రోజు ఎలా గడవాలి

చరిత్ర రోజు తీసుకుందాం. పుస్తకం తెరవకముందు తెల్లకాగితం మీద సిలబస్‌లోని పెద్ద అంశాలు రాసి, ఒక్కోదాని కింద గుర్తొచ్చింది గబగబా రాయండి. ఇరవై నిమిషాలు చాలు. ఎక్కడ చెయ్యి ఆగిపోయిందో పొద్దున మూడు గంటలూ అక్కడే పెట్టండి. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతే సింధు నాగరికత నాలుగోసారి కంఠతా వస్తుంది, ఆధునిక భారతం మాత్రం అలాగే ఉండిపోతుంది.

తర్వాత గంట మెంటల్ ఎబిలిటీ. మధ్యాహ్నం రెండున్నర గంటలు పాత పేపర్లలోని చరిత్ర ప్రశ్నలు, వాటిలో తప్పుల్ని పుస్తకంతో సరిచూసుకోవడం. సాయంత్రం గంటసేపు నిన్నటి సబ్జెక్టు, పుస్తకం మూసి. చివరి అరగంట కరెంట్ అఫైర్స్.

మధ్యాహ్నం పనిలో "కలగలిసింది" అని రాసుకున్న వాటికి ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టండి. ఒకదానితో ఒకటి తికమకపడే విషయాల్ని పక్కపక్కన రాయాలి. సైన్య సహకార పద్ధతి వెల్లస్లీది, రాజ్య సంక్రమణ సిద్ధాంతం డల్హౌసీది. శాశ్వత శిస్తు నిర్ణయం కారన్‌వాలీస్ కాలం, 1793. రైత్వారీ అనగానే మన్రో. బౌద్ధ సంగీతులు వరుసగా రాజగృహం, వైశాలి, పాటలీపుత్రం, కుందలవనం. భూగోళంలో గోదావరికి మంజీర కుడివైపు ఉపనది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎడమవైపువి. కృష్ణకి తుంగభద్ర కుడివైపు. భీమ, మూసీ ఎడమవైపు. సమాజంలో చట్టాలు: వరకట్న నిషేధం 1961, గృహహింస 2005, తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమం 2007.

విడివిడిగా చదివినప్పుడు ఇవన్నీ వచ్చినట్టే ఉంటాయి. నాలుగు ఆప్షన్లలో రెండూ పక్కపక్కన కనిపించినప్పుడే తికమక. కాబట్టి చదివేటప్పుడే పక్కపక్కన పెట్టి చదవాలి.

హెచ్చరిక: రివిజన్ అంటే హైలైటర్ పట్టుకుని పేజీలు తిప్పడం కాదు. కళ్లకు అలవాటైన పేజీ "తెలుసు" అనిపిస్తుంది. ఖాయమనుకున్న 21 తప్పులు పుట్టేది అక్కడే. మూసి చెప్పుకోగలిగితేనే వచ్చినట్టు.

5. రెండో, మూడో చుట్టు చిన్నవి కావాలి

మొదటి చుట్టులో సబ్జెక్టుకి ఒక రోజు, రెండోదానిలో సగం రోజు, మూడోదానిలో రెండు గంటలు. ఇది కుదరాలంటే చదివే సరుకు కూడా తగ్గుతూ రావాలి. రెండో చుట్టులో పుస్తకం బదులు మీ షార్ట్ నోట్సు, తప్పుల పుస్తకం. మూడోదానిలో తప్పుల పుస్తకం ఒక్కటే.

రెండో చుట్టులో తప్పుల పుస్తకాన్ని ఊరికే చదవకండి. కుడివైపున్న సరైన జవాబుల నిలువు వరుసని స్కేలుతో కప్పి, విషయం చూసి జవాబు చెప్పండి. వెంటనే వస్తే పక్కన ఒక టిక్కు. రెండు వేరువేరు రోజుల్లో రెండు టిక్కులు పడ్డదాన్ని కొట్టేయండి. పదమూడో రోజుకి పుస్తకంలో కొట్టేయనివి మాత్రమే మిగలాలి. అవి ఇంకా రెండు వందలు దాటి ఉంటే మీరు ఎక్కించడమే ఎక్కువ ఎక్కించారు, ప్రశ్నార్థకాల్ని కూడా చేర్చి ఉంటారు.

6. ఎన్ని రాయాలో మాక్‌లతోనే తేల్చుకోండి

"అన్నీ పెట్టేయనా, వదిలేయనా?" అన్నదానికి అందరికీ ఒకే సమాధానం లేదు, కానీ లెక్క ఉంది. ఏమీ తెలియని ప్రశ్నలు నాలుగు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. ఒక మార్కు వచ్చి ఒక మార్కు పోతుంది. లాభం సున్నా. ఒక ఆప్షన్‌ని కచ్చితంగా తీసేయగలిగితే మూడు ప్రశ్నలకి మూడో వంతు మార్కు మిగులుతుంది. రెండు తీసేయగలిగితే రెండు ప్రశ్నలకి మూడింట రెండు వంతుల మార్కు.

అంటే చుక్క ప్రశ్నలు పెట్టాల్సిందే. భయపడి వదిలేసేవాళ్లు మార్కులు చేజేతులా పోగొట్టుకుంటున్నారు. ప్రశ్నార్థకాలు వదిలేయొచ్చు. ఇది సగటు లెక్క, మీ చెయ్యి ఎలా ఉందో మీ మాక్‌లే చెప్పాలి. ఒక మాక్‌తో తేల్చకండి, పద్దెనిమిది ప్రశ్నల్లో అదృష్టం అటూ ఇటూ అవుతుంది. నాలుగు మాక్‌ల ప్రశ్నార్థకాలన్నీ కలిపి చూడండి. నాలుగింట ఒకటి కూడా సరిపోవట్లేదంటే మీ "అంచనా" పేపర్ సెట్టర్ వేసిన వలలో పడుతోందన్నమాట. హాల్లో వాటి జోలికి వెళ్లొద్దు.

టైమ్ వరుస కూడా రెండో మాక్‌లో ఒకసారి, మూడోదానిలో ఒకసారి మార్చి చూసుకోండి. మొదలుపెట్టడానికి ఒక పద్ధతి: కరెంట్ అఫైర్స్ 15 నిమిషాలు, సమాజం, చరిత్ర, భూగోళం తలా 25, మెంటల్ ఎబిలిటీ 40. మొత్తం 130. మిగిలిన 20 నిమిషాలు చుక్కల కోసం. బబుల్స్ పేజీకి పేజీ దిద్దుకుంటూ పోవాలి, ఆఖరికి ఉంచొద్దు. ప్రశ్న వదిలేసినప్పుడు ఓఎంఆర్‌లో ఆ వరుస కూడా వదిలారో లేదో చూసుకోండి. ఒక్క వరుస జరిగితే కిందివన్నీ జరుగుతాయి. పన్నెండో రోజు నాలుగో మాక్‌లో మాత్రం ఏ ప్రయోగమూ వద్దు, తేలిన వరుసతోనే రాయండి.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో మాట. ప్రశ్నలోని తెలుగు పదం కొరుకుడు పడకపోతే పక్కనున్న ఇంగ్లీషు వాక్యం చూడండి. సమాజం, భూగోళం ప్రశ్నల్లో అనువాదం ఒక్కోసారి మీరు చదివిన పుస్తకంలోని మాటతో కలవదు.

7. షెడ్యూల్ పని చేస్తోందా? ఇలా చూడండి

మొత్తం మార్కులు చూసి సంబరపడకండి, బెంగపడకండి. రెండో మాక్‌లో ఖాయమనుకున్న వాటిలో తప్పులు ఎన్నో చూడండి. 21 ఉన్నవి పన్నెండుకో పదికో దిగితే, మొత్తం రెండు మూడు మార్కులే పెరిగినా మీరు సరైన దారిలో ఉన్నారు. మార్కులు పది పెరిగి ఈ అంకె మాత్రం కదలకపోతే పేపర్ తేలిగ్గా ఉందేమో అనుమానించండి.

తప్పుల్లో "సరిగా చదవలేదు" అన్నవే ఎక్కువైతే చదువు పెంచి లాభం లేదు. తర్వాతి మాక్‌లో "సరైనది", "సరికానిది", "కానిది" అన్న మాట కింద పెన్నుతో గీత గీశాకే ఆప్షన్లు చదవండి. "మర్చిపోయా" ఎక్కువైతే సాయంత్రం మూసి చెప్పుకునే గంట ఎగ్గొడుతున్నారని అర్థం.

పాత పేపర్ ఇంతకుముందే చేసి ఉంటే దాన్ని మాక్‌గా లెక్కించకండి. జవాబులు గుర్తుండి మార్కులు ఉబ్బుతాయి. దాన్ని ప్రశ్నల తీరు చూడటానికి వాడుకోండి.

ఉద్యోగం చేసుకుంటూ రాసేవాళ్లకి

రోజుకి నాలుగు గంటలే దొరికితే మూడో మాక్ తీసేయండి. మొదటిది ఆదివారం పడేలా షెడ్యూల్ మొదలుపెట్టండి, రెండోదాన్ని ఒక రోజు జరిపి తర్వాతి ఆదివారం రాయండి, నాలుగోదానికి ఒక పూట సెలవు పెట్టండి. ఆరు, పదకొండు రోజుల్లో ఒకటి మాత్రమే ఉంచుకోండి. మొదటి చుట్టులో పుస్తకం వద్దు, పాత ప్రశ్నలు చేసి తప్పినచోట మాత్రమే చదవండి. మెంటల్ ఎబిలిటీ గంటని అరగంటకి తగ్గించొచ్చు, పూర్తిగా ఆపకూడదు. మాక్‌ని మాత్రం రెండు సాయంత్రాలకి విడగొట్టి రాయకండి. రెండున్నర గంటలు కదలకుండా కూర్చోవడం కూడా పరీక్షలో భాగమే, చివరి నలభై నిమిషాల్లో వచ్చే తప్పులు విడగొట్టి రాస్తే బయటపడవు.

చివరి రోజు

పొద్దున మూడు గంటలు: తప్పుల పుస్తకంలో కొట్టేయనివి, పక్కపక్కన రాసుకున్న పేజీ, పది మెంటల్ ఎబిలిటీ లెక్కలు. మధ్యాహ్నం హాల్ టికెట్ ప్రింట్, అసలు గుర్తింపు కార్డు, రెండు పెన్నులు ఒక కవర్లో. సెంటర్ వేరే ఊళ్లో ఉంటే ఈ సాయంత్రానికే అక్కడుండేలా చూసుకోండి, అదే ఊళ్లో ఉంటే ఎంతసేపు పడుతుందో ఒకసారి వెళ్లి చూసి రండి. హాల్ టికెట్‌లో గేటు మూసే టైమ్ వేరుగా రాసి ఉంటుంది, పరీక్ష మొదలయ్యే టైమ్‌తో దాన్ని కలపొద్దు. ఆ రోజు ఎవరైనా కొత్త మాక్ లింక్ పంపితే తెరవకండి. దానిలో పోయిన మార్కుల్ని విప్పి చూసుకోవడానికి మీకు మూడు గంటలు లేవు.